రెండోసారి ఫోన్ చెయ్యడం ఎలా

(కొత్తగా డ్యూటీలో చేరిన నర్సులు, జూనియర్ డాక్టర్ల శిక్షణ తరగతిలో ఒక సీనియర్ నర్సింగ్ అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

వెనకాల కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్లు నిద్రపోయినా ఏమీ అనుకోను, గురక మాత్రం పెట్టకండి.

సీనియర్ల కోపం గురించి మాట్లాడమన్నారు నన్ను. ఆ కోపంలో చాలా రకాలున్నాయి. రౌండ్స్‌లో పదిమంది ముందు కేస్ షీట్ విసిరికొట్టేవాళ్లున్నారు. పేషెంటు బంధువులు వింటుండగానే "అసలు నిన్నెవరు పాస్ చేశారు?" అనేవాళ్లున్నారు. నోరెత్తి ఒక్క మాటా అనకుండా, సెలవు అడిగిన పాపానికి వరసగా నైట్లు వేసేవాళ్లున్నారు. ఇవన్నీ ముట్టుకుంటే గంట చాలదు, ఏదీ సరిగ్గా తేలదు. అందుకని ఒక్క విషయమే తీసుకుంటాను. రాత్రి రెండు గంటలకి సీనియర్‌ని నిద్రలేపుతూ చెయ్యాల్సిన ఫోన్. అదీ, అదే రాత్రి ఒకసారి చేసి తిట్లు తిన్నాక, రెండోసారి చెయ్యాల్సిన ఫోన్.

ఇదే ఎందుకంటే, తిట్టు వల్ల మనకి కలిగే బాధ మనతోనే ఉండిపోతుంది. ఆ తిట్టు మన దగ్గర్నుంచి పేషెంటు దాకా పాకేది మాత్రం ఎక్కువగా ఈ దారిలోనే.

ఎలా పాకుతుందో చెప్తాను. పదకొండింటికి జ్వరం వచ్చిందని ఫోన్ చేశారు. "జ్వరానికి కూడా నన్ను లేపుతారా? చదువుకునే వచ్చారా మీరు?" అని అవతల ఫోన్ పెట్టేశారు. ఒంటిగంటకి అదే పేషెంటుకి పల్స్ పెరిగింది, బీపీ కొంచెం తగ్గింది. ఇప్పుడు మీరేం చేస్తారు? బీపీ మళ్లీ చూస్తారు. కఫ్ సరిగ్గా కట్టలేదేమోనని విప్పి మళ్లీ కడతారు. పక్క వార్డు నుంచి ఇంకో మిషన్ తెప్పిస్తారు. రెండో చేతికి చూస్తారు. ఇంతా చేసి మీరు వెతుకుతున్నది సరైన రీడింగ్ కాదు. ఫోన్ చెయ్యక్కర్లేదని చెప్పే రీడింగ్ కోసం వెతుకుతున్నారు.

నేను చార్టులు చూసేటప్పుడు మొట్టమొదట పట్టుకునే గుర్తు ఇదే. గంటకోసారి ఉన్న రీడింగులు ఉన్నట్టుండి పది నిమిషాలకోసారి అవుతాయి, ఎదురుగా ఎవరికి చెప్పారన్న గడి మాత్రం ఖాళీగా ఉంటుంది. ఆ సమయంలో ఆ మనిషికి పేషెంటు ఎలా ఉన్నాడో తెలుసు. తెలియక ఆగలేదు. "అబ్జర్వేషన్‌లో ఉంచాం" అని రాసుకుంటాం గానీ, భయపడి ఆగామని ఏ చార్టులోనూ ఎవరూ రాయరు కదా.

దీన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. ఇజ్రాయెల్‌లో, నెలలు నిండని పిల్లలకి వైద్యం చేసే ఐసీయూ బృందాలు ఇరవై నాలుగింటితో ఒక ప్రయోగం చేశారు. రిస్కిన్, ఎరెజ్ అనేవాళ్లు, వాళ్ల తోటి పరిశోధకులు చేసినది, 2015లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చింది. బృందంలో ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు. ముందు బొమ్మ పాప, పరిస్థితి విషమిస్తున్నట్టు ఏర్పాటు. కొన్ని బృందాలతో విదేశీ నిపుణుడొకడు మామూలుగా మాట్లాడాడు. మిగతావాళ్లతో, వాళ్ల పనితో ఏ సంబంధమూ లేకుండా, చులకన చేస్తూ మాట్లాడాడు. అరవలేదు, బూతులు తిట్టలేదు, అంతే. చులకనకి గురైన బృందాలు జబ్బు గుర్తించడంలోనూ వెనకబడ్డాయి, చేతులతో చెయ్యాల్సిన పనిలోనూ వెనకబడ్డాయి. ఎందుకని తరిచి చూస్తే రెండు కారణాలు దొరికాయి. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకోవడం తగ్గింది, సాయం అడగడం తగ్గింది. మన రెండోసారి ఫోన్ అంటే ఆ రెండూ కలిసినదే.

కాబట్టి మీకు చేతులు వణకడం, నోరు పెగలకపోవడం మీ పిరికితనం అనుకోకండి. ఎవరికైనా అంతే జరుగుతుంది. అలా జరుగుతుందని ముందే తెలుసు కాబట్టి, నోరు పెగలని క్షణానికి కావలసిన మాటలు ముందే సిద్ధం చేసి పెట్టుకోవాలి. ఇవాళ నేను చెప్పబోయేది అదే.

ముందు ఇంకో సంగతి. ఫోన్ చెయ్యడం వేరు, చెప్పడం వేరు. 2005లో ఇంగ్లండులో ఎలేన్ బ్రోమిలీ అనే 37 ఏళ్ల ఆవిడకి సైనస్‌కి సంబంధించిన మామూలు ఆపరేషన్ ఒకటి ఉంది. మత్తు ఇచ్చాక శ్వాసమార్గం మూసుకుపోయింది. అనుభవం ఉన్న సీనియర్లు ముగ్గురు గొంతులో ట్యూబు వెయ్యడానికే పదేపదే ప్రయత్నించారు. ఆక్సిజన్ అందక చాలాసేపు గడిచిపోయింది. అక్కడున్న నర్సుల్లో ఒకావిడ గొంతుకి రంధ్రం చేసే ట్రాకియాస్టమీ సెట్టు తెచ్చి, సెట్టు ఉందని చెప్పింది. ఇంకొకావిడ ఐసీయూకి ఫోన్ చేసి బెడ్డు అడిగింది. ఎవరూ పట్టించుకోలేదు. బెడ్డు అడిగినావిడ, తను అతి చేస్తున్నానేమో అనుకుని, అది వద్దని చెప్పేసింది. ఎలేన్ కొన్ని రోజులకి చనిపోయింది. ఏం చెయ్యాలో తమకి తెలుసు గానీ, ఆ మాట ఎలా ఎత్తాలో తెలియలేదని తర్వాత విచారణలో నర్సులు చెప్పారు. ఆవిడ భర్త మార్టిన్ పైలట్. విమానాల్లో పై అధికారికి కిందివాళ్లు అభ్యంతరం చెప్పడం ఎలాగో నేర్పిస్తారు. ఆసుపత్రుల్లో కూడా అలా నేర్పించాలని ఆయన తర్వాత ఒక సంస్థే పెట్టాడు.

ఆ గదిలో ఎవరూ ఎవర్నీ తిట్టినట్టు ఎక్కడా లేదు, గమనించండి. అంతస్తుల తేడా ఒక్కటే చాలింది. "సెట్టు ఇక్కడుంది" అనేది సూచన. "ఇంక ట్యూబు ఆపి ట్రాకియాస్టమీ చెయ్యండి" అనేది మాట. తిట్లు తిన్నకొద్దీ మనం సూచనల్లోకి జారిపోతాం. "సార్, ఆ పన్నెండో బెడ్డు పేషెంటు కొంచెం అదోలా ఉన్నాడు, మీకోసారి చెబుదామని..." అంటాం. నిద్రలో ఉన్న మనిషికి అందులోంచి ఏం తెలుస్తుంది? విసుగొస్తుంది. మళ్లీ తిడతాడు. మనకి మళ్లీ భయం. అలా తిరుగుతూ ఉంటుంది.

ఇప్పుడు ఆ పన్నెండో బెడ్డు దగ్గరికి వెళ్దాం. ఇది పాఠం కోసం నేను కట్టిన కేసు, ఎవరిదీ కాదు. అరవై కిలోల మనిషి, మధ్యాహ్నం పేగు ఆపరేషన్ అయింది, ఇది మొదటి రాత్రి. వార్డులో ఒక నర్సు, ఒక జూనియర్ డాక్టరు. పది గంటలకి పల్స్ 88, బీపీ 124/78, శ్వాస నిమిషానికి 16, ఆక్సిజన్ 97. పదకొండింటికి జ్వరం 38, ఫోన్ చేశారు, తిట్లు పడ్డాయి. పన్నెండింటికి పల్స్ 102, బీపీ 112/74, శ్వాస 20, ఆక్సిజన్ 96. ఒంటిగంటకి పల్స్ 110, బీపీ 104/70, శ్వాస 22, ఆక్సిజన్ 95. రెండింటికి పల్స్ 118, బీపీ 96/60, శ్వాస 26, ఆక్సిజన్ 95, జ్వరం లేదు, తెలివిగానే ఉన్నాడు. యూరిన్ బ్యాగులో గడిచిన గంటకి వచ్చింది 10 మిల్లీలీటర్లు. అరవై కిలోల మనిషికి గంటకి కనీసం 30 రావాలి. డ్రెయిన్ బాటిల్లో మొత్తం 40 మిల్లీలీటర్లు.

న్యూస్ స్కోరు మీకు తెలుసు, పల్స్, బీపీ, శ్వాస, ఆక్సిజన్ లాంటివి ఎంత తేడాగా ఉంటే అంత అంకె వేసి కూడేది. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించింది. పన్నెండింటికి మన పేషెంటు స్కోరు 1, పల్స్‌కి. ఒంటిగంటకి పల్స్‌కి 1, బీపీకి 1, శ్వాసకి 2, ఆక్సిజన్‌కి 1, మొత్తం 5. ఐదు వస్తే డాక్టరు వెంటనే చూడాలి. రెండింటికి శ్వాసకే 3, పల్స్‌కి 2, బీపీకి 2, ఆక్సిజన్‌కి 1, మొత్తం 8. ఏడు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అత్యవసరం, విషమ పరిస్థితులు చూడగలిగే బృందాన్నే పిలవాలి. అంటే ఫోన్ చెయ్యాల్సిన సమయం ఒంటిగంట. ఆ గంట ఎక్కడ పోయింది? బీపీ కఫ్ విప్పి కట్టడంలో పోయింది.

స్కోరు వల్ల ఇంకో లాభం ఉంది, అంతగా ఎవరూ చెప్పరు. అంకె మీది కాదు. "నాకు భయంగా ఉంది సార్" అంటే మీ భయాన్ని ఎద్దేవా చెయ్యొచ్చు. "స్కోరు గంటలో 5 నుంచి 8కి వెళ్లింది" అంటే ఎద్దేవా చెయ్యడానికి అందులో మీరు లేరు. అలాగని స్కోరు మీదే ఆధారపడకండి. కొంతమందికి, ముఖ్యంగా వయసులో ఉన్నవాళ్లకి, లోపల రక్తం పోతున్నా బీపీ చాలాసేపు నిలబడుతుంది. స్కోరు రెండే ఉన్నా మనిషి తేడాగా కనిపిస్తే పిలవండి. అప్పుడు కళ్లతో చూసింది చెప్పండి: చెమటలు, చల్లబడ్డ చేతులు, నిలకడ లేకుండా అటూ ఇటూ కదలడం.

ఇప్పుడు ఫోన్. చేసే ముందు కేస్ షీట్ చేతిలో ఉండాలి, పేషెంటు మంచం పక్కన నిలబడి చెయ్యాలి. జూనియర్ డాక్టరు చేస్తున్నారనుకుందాం. మొదటి రెండు వాక్యాల్లోనే ఎవరు, ఎక్కడ, ఏమనుకుంటున్నారు, ఏం కావాలి, నాలుగూ రావాలి.

"సార్, సర్జికల్ వార్డు డ్యూటీ డాక్టర్ని. పన్నెండో బెడ్డు, ఇవాళ పేగు ఆపరేషన్ అయిన పేషెంటుకి లోపల బ్లీడింగ్ అవుతోందని నా అనుమానం, మీరు ఇప్పుడే వచ్చి చూడాలి. పల్స్ 88 నుంచి 118కి వెళ్లింది, బీపీ 124 నుంచి 96కి పడింది, యూరిన్ గంటకి 10. న్యూస్ 8. ఆక్సిజన్ పెట్టాను, రెండు చేతులకీ పెద్ద క్యాన్యులాలు వేశాను, ఫ్లూయిడ్ మొదలెట్టాను, రక్తం క్రాస్ మ్యాచ్‌కి పంపాను."

అర నిమిషం పట్టదు. ఎస్‌బార్ అని మీకు నేర్పించిన పద్ధతి ఇదే, అమెరికా నౌకాదళం జలాంతర్గాముల వాళ్ల దగ్గర్నుంచి ఆసుపత్రులకి వచ్చింది. నేను చేసిన మార్పల్లా, చివర్న అడగాల్సిన కోరికని మొదటికి తేవడం. తిట్టే సీనియర్ మిమ్మల్ని చివరిదాకా మాట్లాడనివ్వడు. కాబట్టి మధ్యలో ఫోన్ పెట్టేసినా ఆయన చెవిన "వచ్చి చూడాలి" అన్నది పడి ఉండాలి.

సరే, ఆయన ఊరుకుంటాడా? "డ్రెయిన్‌లో ఎంతొచ్చింది? నలభయ్యా? మరి బ్లీడింగ్ ఎక్కడిదయ్యా? నొప్పికి పల్స్ పెరిగి ఉంటుంది. పెయిన్ కిల్లర్ ఇచ్చి పొద్దున చూపించు. ఇంకోసారి లేపావంటే..."

ఇందులో రెండున్నాయి, విడదీసి చూడండి. ఒకటి బెదిరింపు. దానికి జవాబు అక్కర్లేదు. "క్షమించండి సార్" అని కూడా అనకండి, అన్నారంటే ఫోన్ చెయ్యడమే తప్పని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. రెండోది వైద్యపరమైన ప్రశ్న. డ్రెయిన్ ఖాళీగా ఉంది కదా అంటున్నారు. అది న్యాయమైన ప్రశ్నే, దానికి జవాబు ఉంది. "సార్, నొప్పి వల్లయితే బీపీ పెరగాలి, ఇక్కడ పడుతోంది. డ్రెయిన్‌కి గడ్డ అడ్డుపడి ఉండొచ్చు, లేదా రక్తం చేరేచోట డ్రెయిన్ లేకపోవచ్చు." ఖాళీ డ్రెయిన్ చూసి బ్లీడింగ్ లేదనుకోవడం పాత పొరపాటు. అలాగే మొదటి గంటల్లో హిమోగ్లోబిన్ మామూలుగానే వస్తుంది. రక్తం పోయినప్పుడు అన్నీ కలిసే పోతాయి, పలచబడటానికి సమయం పడుతుంది. రిపోర్టులో 11 ఉందంటే మీరు ధైర్యపడకండి, ఎదుటివాళ్లు అంటే వెనక్కి తగ్గకండి.

తిట్టులోంచి ప్రశ్నని తీసి, దానికి మాత్రమే జవాబు చెప్పడం. వినడానికి తేలికగా ఉంటుంది, సాధన లేకపోతే రాదు. ఇద్దరు ఫ్రెండ్సు కూర్చుని ఒకరు సీనియర్‌లా అరిచి, ఒకరు జవాబు చెప్పి అలవాటు చేసుకోండి. నవ్వొస్తుంది. నవ్వండి, కానీ పైకి అనండి. మనసులో అనుకున్న వాక్యం అవసరానికి నోట్లోంచి రాదు.

అప్పటికీ ఆయన "పొద్దున చూద్దాం" అంటే మూడు మెట్లున్నాయి. అమెరికాలో టీమ్‌స్టెప్స్ అని ఒక శిక్షణ ఉంది, మెట్ల వరస అక్కడిది, మాటలు మన వీలుకొద్దీ. "సార్, నాకు ఆందోళనగా ఉంది." కదలకపోతే, "ఇలా వదిలెయ్యడం నాకు సరిగ్గా అనిపించట్లేదు సార్." అప్పటికీ కదలకపోతే, "ఇది పేషెంటు ప్రాణానికి సంబంధించిన విషయం సార్." గొంతు పెంచక్కర్లేదు. ఒక విషయాన్ని కనీసం రెండుసార్లు స్పష్టంగా చెప్పాలన్నది ఆ శిక్షణలో నియమం. మొదటిసారి అవతలి మనిషి నిజంగా విని ఉండకపోవచ్చు, నిద్రమత్తులో ఉన్నారు కదా.

మూడో మెట్టు తర్వాత చెప్పే మాట చాలా ముఖ్యం. "సరే సార్, మీరు రాలేకపోతే నేను ఇప్పుడు ఐసీయూ డ్యూటీ డాక్టరుకి చెప్తున్నాను." ఇది ఆయనకి చెప్పి చెయ్యాలి. చెప్పకుండా పైవాళ్లకి ఫోన్ చేస్తే, పొద్దున్న చర్చ పేషెంటు గురించి జరగదు, మీరు ఆయన్ని దాటి వెళ్లారన్న దాని గురించే జరుగుతుంది. చాలామంది సీనియర్లు ఈ మాటకి లేచి వస్తారు. రాకపోయినా ఇంకొకరు వస్తారు. మీ ఆసుపత్రిలో ఆ ఇంకొకరు ఎవరు, వాళ్ల నంబరేంటి అన్నది డ్యూటీలో చేరిన మొదటి రోజే రాసుకోండి. అత్యవసర బృందం ఉన్నచోట, ఎవరి అనుమతీ లేకుండా నర్సు నేరుగా పిలవొచ్చని సాధారణంగా నియమంలోనే ఉంటుంది. మీ దగ్గర ఎలా ఉందో చదవండి. నర్సులకి ఇంకో దారి కూడా ఉంది, ఆ రాత్రి ఇన్‌చార్జ్ సిస్టర్. డాక్టర్ల వైపు తలుపు మూసుకుంటే ఈ వైపు నుంచి వెళ్లొచ్చు.

పక్కన ఇంకో మనిషి ఉండటం గురించి కొంచెం ఆగి చెప్పాలి. 1966లో హాఫ్లింగ్ అనే సైకియాట్రిస్టు ఒక ప్రయోగం చేశాడు. వార్డులో ఒంటరిగా ఉన్న నర్సుకి, ఎప్పుడూ చూడని ఒక డాక్టరు ఫోన్ చేసి ఒక మందు 20 మిల్లీగ్రాములు ఇవ్వమంటాడు. డబ్బా మీద గరిష్ఠ మోతాదు 10 అని రాసి ఉంటుంది. అది ఉత్తుత్తి మందు. 22 మంది నర్సుల్లో 21 మంది ఇవ్వడానికి బయల్దేరారు, దారిలో ఆపారు. ఇది అందరూ చెప్తారు, నర్సులు ఎంత లొంగిపోతారో చూడండి అని. పదకొండేళ్ల తర్వాత జరిగినది మాత్రం తక్కువమంది చెప్తారు. 1977లో ర్యాంక్, జేకబ్సన్ అనేవాళ్లు అలాంటిదే మళ్లీ చేశారు. ఈసారి నర్సులకి తెలిసిన మందు, పక్కవాళ్లని అడిగే వీలు ఉంది. 18 మందిలో 16 మంది ఇవ్వలేదు. మారింది నర్సుల ధైర్యం అని నేననుకోను. తెలిసిన మందు కావడం, అడగడానికి ఒక మనిషి ఉండటం, ఈ రెండే తేడా. అందుకే అంటాను, రెండో ఫోన్ ఒంటరిగా చెయ్యకండి. నర్సూ జూనియర్ డాక్టరూ కలిసి పేషెంటుని చూసి, అంకెలు ఇద్దరూ ఒప్పుకుని, స్పీకర్ పెట్టి చెయ్యండి. "సిస్టర్ కూడా ఇక్కడే ఉన్నారు, స్పీకర్‌లో ఉన్నారు సార్" అని ముందే చెప్పండి. దొంగచాటుగా వినిపించొద్దు. ఇంకో మనిషి వింటున్నారని తెలిస్తే తిట్ల జోరు చాలామందిలో దానంతటదే తగ్గుతుంది, ఆర్డరు కూడా స్పష్టంగా వస్తుంది. ఆర్డరు వచ్చాక రాసుకుని తిరిగి చదివి వినిపించండి, ఎంత విసుక్కున్నా.

ఫోన్ అయ్యాక రాయడం. ఇక్కడ రెండు కాగితాలు, కలపకూడదు. కేస్ షీట్‌లో జరిగింది మాత్రమే: "2.10కి డ్యూటీ సర్జన్‌కి ఫోన్‌లో తెలియజేశాం. పల్స్ 118, బీపీ 96/60, యూరిన్ గంటకి 10, న్యూస్ 8, బ్లీడింగ్ అనుమానం, వచ్చి చూడమని కోరాం. నొప్పి మందు ఇవ్వమన్నారు. 2.14కి ఐసీయూ డ్యూటీ డాక్టరుకి తెలియజేశాం." అరిచారు, అవమానించారు అన్నది అందులో రాయకండి. అది పేషెంటు పత్రం, రేపు న్యాయస్థానం దాకా వెళ్లొచ్చు. కోపం కనిపించిందంటే మీరు రాసిన అంకెల్ని కూడా అనుమానిస్తారు.

తిట్టు మీ సొంత నోటుబుక్కులోకి వెళ్లాలి, అదీ ఆ డ్యూటీ అయ్యేలోపు. తేదీ, సమయం, ఎక్కడ, ఎవరెవరు విన్నారు, అన్న మాటలు ఉన్నవున్నట్టు, దానివల్ల ఏ పని ఎంత ఆలస్యమైంది. పేషెంటు పేరు రాయకూడదు. "చాలా దారుణంగా మాట్లాడారు" అని రాస్తే ఆరు నెలల తర్వాత అది ఎందుకూ పనికిరాదు. అన్న మాట అన్నట్టే ఉంటే పనికొస్తుంది. ఎప్పుడైనా ఫిర్యాదు చెయ్యాల్సి వస్తే, "నన్ను బాధపెట్టారు" అన్నదాని కంటే "ఫలానా మూడు రాత్రుల్లో పిలుపుకి స్పందన ఇంత ఆలస్యమైంది, కారణం ఇది" అన్నది బరువుగా ఉంటుంది. 2008లో అమెరికాలో ఆసుపత్రులకి గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ ఇలాంటి ప్రవర్తనని పేషెంటు భద్రతకి ముప్పుగా చెప్పింది, దానికి నియమావళి ఉండాలంది. మర్యాద పాఠంగా చెప్పి ఉంటే ఎవరు పట్టించుకునేవాళ్లు?

తిట్టు తిన్న వెంటనే వచ్చే పావుగంటలో ఒక జాగ్రత్త. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం లాంటివి ఆ సమయంలో ఒంటరిగా లెక్కకట్టి ఎక్కించకండి. ఎప్పుడూ ఇద్దరు చూడాల్సినవే అవి, అప్పుడైతే మరీను. ఇందాకటి ప్రయోగంలో చేతులతో చేసే పని కూడా దెబ్బతింది కదా, చెవిలో ఆ మాటలు మోగుతుండగా లెక్క కూడా తప్పొచ్చు. "ఇప్పుడే తిట్లు తిని వచ్చాను, ఈ డోసు ఒకసారి చూడవా" అని పక్కవాళ్లని అడగడంలో సిగ్గేమీ లేదు.

ఇప్పుడు అసలు చిట్కా. ఇది రాత్రి చేసేది కాదు, సాయంత్రం చేసేది. సాయంత్రం రౌండ్స్ అయిపోతుండగా, ఆయన మామూలుగా ఉన్నప్పుడు అడగండి: "సార్, ఈ రాత్రికి పన్నెండో బెడ్డు విషయంలో ఏం జరిగితే మిమ్మల్ని పిలవమంటారు?" ఆయన ఏదో చెప్తారు. పల్స్ 110 దాటితే, యూరిన్ గంటకి 30 కంటే తగ్గితే అని. అది కేస్ షీట్‌లో ఆయన ఎదురుగానే రాసి, వీలైతే సంతకం పెట్టించుకోండి. రాత్రి ఫోన్‌లో మీ మొదటి మాట, "సార్, మీరు పిలవమని రాసిన అంకె దాటింది" అని ఉంటుంది. దాన్ని తిట్టడం చాలా కష్టం. తిడితే తన ఆర్డరునే తిట్టుకున్నట్టు. ఎంతో కరుకైన మనిషి కూడా ఈ ప్రశ్న అడిగితే సాధారణంగా చిరాకుపడడు. పైగా జ్వరానికి పిలవొద్దన్న సంగతి కూడా అప్పుడే తేలిపోతుంది, పదకొండింటి తిట్టు కూడా తప్పుతుంది.

దీంతో ఇంకోటి కూడా బయటపడుతుంది. కఠినంగా ఉండే సీనియరూ, హింసించే సీనియరూ పైకి ఒకేలా అరుస్తారు, కొత్తలో తేడా తెలియదు. ఈ ప్రశ్న అడిగి చూడండి. కఠినమైన మనిషి అంకె చెప్తాడు, కారణం కూడా చెప్తాడు, తర్వాత ఆ అంకెకి కట్టుబడతాడు. ఆయన తిట్టులో విషయం ఉంటుంది: "పొటాషియం చూడకుండా ఎందుకు ఫోన్ చేశావు?" అన్నది తిట్టే, అందులో పాఠముంది, రేపు చూసి చేస్తారు. రెండో రకం మనిషి, "అది కూడా నేనే చెప్పాలా" అంటాడు. పిలిస్తే ఎందుకు పిలిచావంటాడు, పిలవకపోతే ఎందుకు పిలవలేదంటాడు. ఏం చేస్తే సరిపోతుందో ఎప్పటికీ చెప్పడు, చెప్తే తిట్టడానికి వీలుండదు. ఆయన దగ్గర మీరు మెరుగుపడి తప్పించుకోలేరు. నోటుబుక్కు అక్కడ పనికొస్తుంది, నలుగురి నోటుబుక్కులు కలిస్తే ఇంకా పనికొస్తుంది.

చెయ్యి చేసుకోవడం, వస్తువు విసరడం, ఒంటి గురించి, ఆడతనం గురించి, పుట్టుక గురించి మాట్లాడటం, వీటికి ఇవాళ నేను చెప్పిన చిట్కాలేవీ వర్తించవు. అక్కడ సర్దుబాటు లేదు. అదే రోజు రాతపూర్వక ఫిర్యాదు, ఒక కాపీ మీ దగ్గర.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, చెప్పమ్మా.

"మేడమ్, అంత గట్టిగా పిలిచాక వచ్చి చూసి, బ్లీడింగ్ ఏమీ లేదని తేలితే? ఆ తర్వాత మా మాట ఇంక నమ్మరు కదా."

కొన్నిసార్లు లేదనే తేలుతుంది. మన పేషెంటుకి ఒంట్లో నీరు తక్కువై ఉండొచ్చు, ఇన్ఫెక్షన్ మొదలై ఉండొచ్చు, ఊపిరితిత్తుల్లో గడ్డ ఉండొచ్చు. అయినా ఆ అంకెలున్న మనిషిని చూడాల్సిందే. మీరు చెప్పింది "బ్లీడింగ్ అని నా అనుమానం" అని, పిలవడానికి కారణం న్యూస్ 8. అనుమానం తప్పొచ్చు, 8 తప్పలేదు. ఆయన వెళ్లేముందు "సార్, ఇది దేనివల్లంటారు, మళ్లీ ఏం కనిపిస్తే పిలవమంటారు?" అని అడిగి రాసుకోండి.

ఆ వెనక బాబు? ఆఖరి ప్రశ్న.

"మేడమ్, మీరు సీనియర్ డాక్టర్ల గురించే చెప్పారు. మా మీద అరిచేది మాకంటే రెండేళ్లు ముందొచ్చిన స్టాఫ్. ఏదడిగినా 'మేమిలాగే నేర్చుకున్నాం' అంటారు."

అవును, చాలాచోట్ల అదే ఎక్కువ. మెట్టు చిన్నదయ్యేకొద్దీ కరుకుదనం పెరుగుతుంది, పెద్ద సర్జన్‌కి నీ పేరు కూడా తెలియదు, రెండేళ్ల సీనియర్‌కి నీ డ్యూటీ లిస్టంతా తెలుసు. పైగా వాళ్లు ఆ రాత్రంతా నీ పక్కనే ఉంటారు కాబట్టి, ఇందాక నేను చెప్పిన రెండో మనిషి లేకుండా పోతాడు. వాళ్లతో గొడవ పెట్టుకోమని నేను చెప్పను, ఒక్కటి మాత్రం ముందే మాట్లాడుకో. డ్యూటీ మొదట్లో, హ్యాండోవర్ అవుతుండగా, "అక్కా, న్యూస్ 5కి చేరితే నిన్ను అడక్కుండానే డాక్టరుకి చెప్పేస్తాను, సరేనా?" అని. సరే అంటే సరే. కాదంటే, ఎందుకు కాదో ఇన్‌చార్జ్ సిస్టర్ ముందు ఆవిడనే చెప్పమను.